ఫీజు రసీదు మెయిల్: పేరా మేలా, అడ్డ పట్టిక మేలా, వరుసకో వివరం మేలా?

పర్లాఖెముండిలో ఆన్‌లైన్ కోర్సు అమ్మితే కట్టేవాళ్లంతా ఒడిశావాళ్లే ఉండరు. ఊరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. అమ్మాయి గజపతి జిల్లాలో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుతుంటుంది, ఫీజు మాత్రం తండ్రి పాతపట్నం నుంచి తన ఫోన్లో యూపీఐతో కడతాడు. మెయిల్ అమ్మాయికి వస్తుంది, డబ్బు తండ్రి ఖాతాలో తగ్గుతుంది. రసీదు రాసేటప్పుడు ఈ ఇద్దరినీ తలుచుకోవాలి.

చాలా చోట్ల కనిపించే పాత పద్ధతి ఇలా ఉంటుంది: "ప్రియమైన విద్యార్థీ, మా బ్యాంక్ పరీక్షల కోర్సులో చేరినందుకు ధన్యవాదాలు. 14 జూన్ 2025న మీరు చెల్లించిన ₹2,360 మాకు విజయవంతంగా అందిందని, మీ చెల్లింపు సంఖ్య pay_ తో మొదలయ్యేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము..." చదవడానికి మర్యాదగానే ఉంది. తగువు వచ్చినప్పుడు దీనితో పని జరగదు.

ఆ తగువు ఎలా వస్తుందో చూడండి. రాత్రి 9:38కి తండ్రి కట్టాడు, తెర తిరుగుతూ ఆగిపోయింది. 9:42కి మళ్లీ కట్టాడు, ఈసారి అయిపోయింది. బ్యాంకు నుంచి రెండు సందేశాలు వచ్చాయి, రెండిట్లోనూ ₹2,360 తగ్గింది. మర్నాడు ఫోన్ చేసి "అమ్మా, రెండుసార్లు కట్ అయిపోనాది, మీకు చేరింది ఏదో చెప్పండి" అంటాడు. మొత్తం ఒకటే, తేదీ ఒకటే. తేడా కచ్చితంగా తేల్చేది యూటీఆర్. యూపీఐలో అది 12 అంకెల సంఖ్య, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉండేది అదే. మెయిల్లో ఉన్న pay_ సంఖ్య చెల్లింపు గేట్‌వే ఇచ్చుకున్నది. ఆయన స్టేట్‌మెంట్ మొత్తం వెతికినా అది దొరకదు. ఆర్డర్ నంబరూ అంతే, అది కోర్సు అమ్మినవాళ్ల దగ్గరే ఉంటుంది. మూడు సంఖ్యల్లో కట్టినాయనకు పనికొచ్చేదాన్నే వదిలేస్తే, ఎంత అందంగా రాసినా ఆ రసీదు సగమే.

ఇక పట్టిక సంగతి. పేరాను మార్చమంటే చాలామంది చేసేది ఐదు నిలువు గళ్ల పట్టిక: కోర్సు, తేదీ, మొత్తం, యూటీఆర్, స్థితి. కంప్యూటర్లో చక్కగా కనిపిస్తుంది. ఫోన్లో తెరిస్తే రెండే ఫలితాలు. అక్షరాలు చీమల్లా చిన్నవైపోతాయి, లేదా గడి ఇరుకై 12 అంకెలు రెండు మూడు ముక్కలుగా విరుగుతాయి. విరిగిన సంఖ్యను చూసి ఫోన్లో చదివి వినిపించేటప్పుడు ఒక అంకె జారిపోవడం చాలా తేలిక. తెలుగు అక్షరాలకు వత్తులూ గుణింతాలూ పైకీ కిందికీ చోటు అడుగుతాయి కాబట్టి ఇరుకు గడిలో మన లిపి ఇంగ్లిష్ కంటే ముందే నలిగిపోతుంది. ఒక్క చెల్లింపే ఉన్న రసీదుకు అడ్డ పట్టిక అవసరమే లేదు. మూడు నాలుగు వాయిదాలు పక్కపక్కన పోల్చి చూపాలంటే అప్పుడు దానికి అర్థం ఉంది.

నా ఓటు మూడోదానికి. వరుసకో వివరం, ముందు పేరు, తర్వాత విలువ:

```
విషయం: ₹2,360 అందింది – బ్యాంక్ పరీక్షల కోర్సు

మొత్తం: ₹2,360
తేదీ: 14 జూన్ 2025, రాత్రి 9:42
UTR: 516521004873
కోర్సు: బ్యాంక్ పరీక్షలు, రికార్డు పాఠాలు
విద్యార్థి: (అమ్మాయి పేరు)
కట్టినవారు: (తండ్రి పేరు)

కోర్సు ధర: ₹2,000
IGST 18%: ₹360

ఆర్డర్ నంబర్: BP-1187
```

ఈ వరుస క్రమానికి కారణం ఉంది. ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేది మొత్తం, తర్వాత ఎప్పుడు, ఆ తర్వాత ఏ నంబరు. అవి మూడూ వేలు కదపకుండా మొదటి తెరలోనే కనిపించాలి. తేదీ పక్కన సమయం రాయడం చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, పై తగువులో 9:38నీ 9:42నీ మొదట విడదీసేది అదే. కట్టినవారి పేరు, విద్యార్థి పేరు వేరువేరు వరుసల్లో ఉంటే "నేను కట్టానే, నా పేరు లేదేం" అనే ప్రశ్నే రాదు. ఆర్డర్ నంబర్ చివరికి వెళ్లింది, ఎందుకంటే అది మనకు కావాలి, వాళ్లకు కాదు.

యూటీఆర్ అన్న పేరును తెలుగులోకి మార్చవద్దని నా గట్టి అభిప్రాయం. ఫోన్‌పేలో లావాదేవీ తెరిస్తే UTR అనే ఉంటుంది. చూసిన పేరే మెయిల్లోనూ ఉంటే కన్ను తిన్నగా అక్కడికే వెళుతుంది. గూగుల్ పేలో అదే సంఖ్య UPI transaction ID అని కనిపిస్తుంది కాబట్టి, దాని కింద "గూగుల్ పేలో ఇదే UPI transaction ID" అని చిన్న వాక్యం పెడితే చాలు. సంఖ్య మధ్యలో ఖాళీలు, గీతలు వద్దు. వేలితో నొక్కిపట్టి కాపీ చేసినప్పుడు మొత్తం ఒకేసారి రావాలి. ఐఫోన్ మెయిల్ ఒక్కోసారి పొడవాటి సంఖ్యను ఫోన్ నంబరనుకుని నీలి లింకుగా మారుస్తుంది. పంపేముందు ఒక ఐఫోన్లో తెరిచి చూడండి.

పన్ను వరుసలో మన సరిహద్దు బయటపడుతుంది. అమ్మేవాళ్లు ఒడిశాలో జీఎస్టీ నమోదైనవాళ్లు, కొనేవాళ్లకు జీఎస్టీ నమోదు లేదు, కోర్సు రికార్డు చేసిన పాఠాలు అనుకుందాం. విద్యార్థి ఇచ్చిన చిరునామా పాతపట్నమైతే ఒకే వరుస: IGST ₹360. పర్లాఖెముండి అయితే రెండు వరుసలు: CGST ₹180, SGST ₹180. మొత్తం మారదు. కానీ ఇద్దరు స్నేహితురాళ్లు రసీదులు పక్కపక్కన పెట్టుకుంటే తేడా కనిపించి అనుమానం వస్తుంది. అందుకే చిరునామాలోని రాష్ట్రం పేరు కూడా ఆ వరుసల పైనే రాయడం మంచిది. ఈ మెయిల్ పన్ను ఇన్‌వాయిస్‌కు బదులు కాదు, దాన్ని పీడీఎఫ్‌గా జత చేయాలి. అలాగని వివరాలన్నీ పీడీఎఫ్‌లోనే పెట్టి మెయిల్లో "జత చూడండి" అని వదిలేయకూడదు.

రెండోసారి తగ్గిన డబ్బు గురించి మెయిల్ చివర రెండు వాక్యాలు చాలు: "పై UTR కాకుండా మరొకటి మీ ఖాతాలో కనిపిస్తే, ఆ డబ్బు మాకు అందలేదు. బ్యాంకు తానే తిరిగి వేయాలి, మీరు మళ్లీ కట్టకండి." కొన్నవారి ఖాతాలో తగ్గి అమ్మినవారికి నిర్ధారణ చేరని యూపీఐ చెల్లింపును 5 రోజుల్లోగా తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు ₹100 పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో నియమం పెట్టింది. ఈ మాట రాసేముందు మాత్రం మన గేట్‌వేలో ఆ రెండో UTR నిజంగా చేరలేదని చూసుకోవాలి. రెండూ చేరి ఉంటే తిరిగి ఇవ్వాల్సింది మనమే. అప్పుడు వెళ్లాల్సింది ఈ రసీదు కాదు, రీఫండ్ మెయిల్. అందులో రెండు UTRలూ రెండు వరుసల్లో ఉండాలి, ఏది ఉంచుకున్నామో ఏది వెనక్కి వేస్తున్నామో పక్కనే రాసి.

కార్డుతో కట్టినవాళ్లకు ఈ నమూనా అచ్చంగా సరిపోదు. UTR వరుస తీసేసి "కార్డు చివరి 4 అంకెలు" అని పెట్టాలి. ఖాళీ వరుస ఉంచితే అది మరో ఫోన్ కాల్‌కు దారి.