కొండవాలు స్థలంలో ఇల్లు: ఒకే చదునా, రెండు అంచెలా? ఏది మేలు?

విశాఖ చుట్టుపక్కల కొండవాలులో స్థలం కొన్నవారిలో చాలామంది ముందుగా జేసీబీని పిలిపించి నేలంతా చదును చేయిస్తారు. చదునైన నేలకు గీసిన ప్లానే ఇక్కడా వేసుకోవచ్చన్నది వారి ఆలోచన. రెండో దారి ఇంటినే వాలుకు తగ్గట్టు రెండు అంచెలుగా కట్టుకోవడం. నిటారు వాలులో నా మొగ్గు రెండోదాని వైపే. ఎందుకో లెక్కతో చెబుతాను.

ఇంటి లోతు 12 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు, వాలు నాలుగు మీటర్లకు ఒక మీటరు అనుకుందాం. ఇంటి వెనుక అంచుకూ ముందు అంచుకూ తేడా 3 మీటర్లు. మొత్తం చదును చేయాలంటే వెనుక 3 మీటర్ల లోతుకు కొండను కోయాలి. తవ్వే మట్టి దాదాపు 160 ఘనపు మీటర్లు. అదే ఇంటిని ఆరేసి మీటర్ల రెండు భాగాలు చేసి, వెనుక భాగాన్ని మీటరున్నర ఎత్తున ఉంచితే తవ్వకం సగానికి తగ్గుతుంది.

అసలు తేడా మట్టిని ఆపే గోడలో ఉంది. మట్టి తోపుడు గోడ ఎత్తుతో పాటు సమంగా పెరగదు, ఎత్తు వర్గంతో పెరుగుతుంది. మామూలు ఇసుక పాలు ఉన్న మట్టి పొడిగా ఉన్నప్పుడు, 3 మీటర్ల గోడలో ప్రతి మీటరు పొడవు మీద సుమారు 2.7 టన్నుల తోపుడు ఉంటుంది. మీటరున్నర గోడ మీద అది 0.7 టన్నులు మాత్రమే. గోడను పడదోసే బలమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు గోడలు కట్టినా ఒక్క ఎత్తైన గోడ కంటే భారం తక్కువే. అయితే ఆ రెండింటి మధ్య దూరం కింది గోడ ఎత్తుకు కనీసం రెట్టింపు ఉండాలి. లేకపోతే పై గోడ బరువు కింది దాని మీద పడి, రెండూ కలిసి ఒకే పెద్ద గోడలా పనిచేస్తాయి. మన ఉదాహరణలో 6 మీటర్ల ఎడం ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి. కాంక్రీటు రిటైనింగ్ గోడకు అడుగున పాదం కావాలి. దాని వెడల్పు గోడ ఎత్తులో సగం నుంచి ముప్పావు దాకా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మట్టి కిందకే పోతుంది. 3 మీటర్ల గోడను సరిహద్దు మీద కట్టాలంటే పక్కవారి నేల కింద తవ్వాలి. అది కుదరదు కాబట్టి గోడను లోపలికి జరుపుకోవాలి, ఆ మేరకు మన స్థలమే పోతుంది.

ఇక నీరు. గోడలు కూలడానికి ప్రధాన కారణం ఇదే. అదే 3 మీటర్ల గోడ వెనుక నీరు నిండితే తోపుడు 2.7 నుంచి దాదాపు 5.7 టన్నులకు పెరుగుతుంది. రెట్టింపు కంటే ఎక్కువే! ఖొండలైట్ రాయి శిథిలమై ఏర్పడిన విశాఖ ప్రాంతపు ఎర్రమట్టి తడిస్తే పట్టు కూడా కోల్పోతుంది. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా గోడ వెనుక అడుగు మందాన కంకర పొర, మట్టి చొరబడకుండా దానికి జియోటెక్స్‌టైల్ గుడ్డ, అడుగున రంధ్రాల పైపు, గోడలో మీటరున్నరకు ఒకటి చొప్పున 75 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాలు ఉండాల్సిందే. పైనుంచి వచ్చే వాననీటిని గోడను చేరకముందే మళ్లించే కాలువ కూడా కావాలి. 300 చదరపు మీటర్ల వాలు మీద గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకు సుమారు 8 లీటర్ల దాకా దిగివస్తుంది. కాలువను ఆ లెక్కకే కట్టాలి. సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంతను మాత్రం గోడకు ఎగువన పెట్టవద్దు.

పెద్ద వాన తర్వాత ఆ గొట్టాల్లోంచి చుక్క కూడా రాకుండా గోడ మీద చెమ్మ మరకలు పెరుగుతుంటే అవి పూడుకుపోయాయని అనుమానించాలి. గోడ ముందుకు ఒరిగినా, మధ్యలో ఉబ్బినా, అడ్డంగా పగుళ్లు కనిపించినా వెంటనే ఇంజనీరును పిలవాలి.

సగం కోసి, ఆ మట్టినే దిగువన పోసి చదును చేసే పద్ధతీ ఉంది. ఖర్చు తక్కువగా కనిపిస్తుంది. కానీ ఇంట్లో సగం గట్టి నేల మీద, సగం కుంగే మట్టి మీద నిలబడితే ఆ రెండూ కలిసే చోట గోడ చీలుతుంది. పోసిన మట్టి దాటి అసలు నేల దాకా పునాదులు దింపితేనే దాన్ని ఒప్పుకోవచ్చు.

అంచెల ఇంటికీ లోపాలున్నాయి. మీటరున్నరకు పది మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అది కష్టం. వారి పడకగది, స్నానాలగది, వంటగది ఒకే అంచెలో పెట్టాలి. కింది భాగపు వెనుక గోడ మట్టిని ఆనుకుని ఉంటుంది కాబట్టి మట్టి నింపకముందే బయటివైపు వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. గదిలోపల పూసిన రంగులు ఆ చెమ్మను ఆపలేవు.

వాలు పది మీటర్లకు ఒక మీటరు లోపు ఉంటే ఈ ఇబ్బందులెందుకు, చదునే చేసుకోండి. ఆరు మీటర్లకు ఒకటి దాటితే అంచెలే మేలు. ఏదైనా సరే, ఎగువ కాలువా గోడలూ ఎండాకాలంలోనే పూర్తి కావాలి. కోసిన కొండను గోడ లేకుండా వానాకాలానికి వదిలేయకూడదు.