అట్ట పోయిన క్యాసెట్‌కి పేరు వెతకడం: మ్యూజిక్‌బ్రెయిన్జ్ కొన్నేళ్లు వాడాక

బరంపురంలో మా వీధివాళ్లకీ, పర్లాకిమిడి, రాయగడ వైపున్న చుట్టాలకీ పాత పాటల సంగతి ఏదైనా కావాలంటే నాకు ఫోన్ చేస్తారు. వాళ్ల దగ్గరున్న సమాచారం దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఆల్బమ్ పేరు గుర్తులేదు. ఓ మూడు పాటల పేర్లు తెలుసు. ఇది ముందు వచ్చేది, అది చివర్లో." ఈ మాత్రం ఆధారంతో ఆల్బమ్ పట్టుకోవడానికి నేను కొన్నేళ్లుగా ఎక్కువగా వాడుతున్నది మ్యూజిక్‌బ్రెయిన్జ్. 2000లో మొదలైన డేటాబేస్ ఇది. డిస్కుల వివరాలన్నీ వాడేవాళ్లే స్వచ్ఛందంగా ఎక్కిస్తారు. వెతకడానికి ఖాతా కూడా అక్కర్లేదు.

ఈ పనికి ఇంతకన్నా మంచి సాధనం నాకు దొరకలేదు. అయితే మామూలుగా వెతికినట్టు వెతికితే కావలసింది రాదు. చాలామంది మూడు పేర్లూ ఒకే పెట్టెలో టైప్ చేసి, కావలసింది దొరక్క వదిలేస్తారు. ఎందుకు దొరకదో తెలిస్తే పని సగం అయినట్టే. ఇందులో ప్రతి పాటకీ విడిగా ఒక నమోదు ఉంటుంది, దాన్ని `Recording` అంటారు. మూడు పేర్లు కలిపి అడిగితే, ఆ మాటల్ని ఒక్కో పాట పేరులోనే వెతుకుతుంది, మూడు పాటలూ ఒకే ఆల్బమ్‌లో ఉన్నాయా అన్నది చూడదు. ఆల్బమ్ వైపు నుంచి వద్దామన్నా కుదరదు, ఆల్బమ్ వెతుకులాటలో లోపలి పాటల పేర్లకి చోటు లేదు. కాబట్టి ఒక పాటతో లోపలికి వెళ్లాలి, మిగతా రెండింటితో సరిచూసుకోవాలి.

పర్లాకిమిడి మావయ్య అడిగినదాన్నే చూపిస్తాను. ఆయన చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఎవరో కాపీ చేసిచ్చిన క్యాసెట్ అది. వయొలిన్, తబలా, ఘటం, వాటితో గిటార్. అట్ట మీద చేత్తో రాసిన పేర్లలో మూడే గుర్తున్నాయి: INDIA, KRUTHI, ISIS.

"వరసేంటి మావయ్యా?"

"ఇండియా పెద్దది, అది అయ్యాక క్యాసెట్ తిప్పేవాళ్లం. తిప్పగానే కృతి, చిన్నది, పరుగే పరుగు. దాని తర్వాత ఐసిస్, అది మళ్లీ చాలాసేపు."

చూడ్డానికి చిన్న సమాచారమే అయినా ఇందులో చాలా ఉంది. ముందుగా ఏ పేరుతో వెళ్లాలో ఎంచుకోవాలి. India అనే పేరుతో లెక్కలేనన్ని పాటలు ఉంటాయి. జాన్ కోల్ట్రేన్‌దీ ఒకటుంది. Isis అంటే ముందు బాబ్ డిలన్ పాట ఎదురవుతుంది. అరుదైనది కృతే, కానీ దానికి స్పెల్లింగ్ చిక్కు ఉంది. మనం kruthi అని రాస్తాం, ఇంకొకరు kriti, మరొకరు krithi. ఇక్కడ మాట చివర `~` గుర్తు పెడితే, ఒకటి రెండు అక్షరాలు అటూ ఇటూ అయినా పట్టుకుంటుంది.

```
recording:kruthi~2
```

వెతికే పేజీలో ముందు `Recording` ఎంచుకుని, `Indexed search with advanced query syntax` అన్న దాన్ని నొక్కాలి. అది నొక్కకుండా ఇలాంటివి టైప్ చేస్తే ఆ గుర్తులన్నీ వట్టి అక్షరాలైపోతాయి. kruthi నుంచి kriti కి రెండు అక్షరాల తేడా, అదే దీని గరిష్ఠ హద్దు. అంత వదులిస్తే Ruthie లాంటి సంబంధం లేని పేర్లు కూడా లోపలికొస్తాయి. వాటిని తీసేయడానికే వరస పనికొస్తుంది.

కృతి రెండో వైపు మొదటిది. ఒక్కో వైపు పాటలెన్నో మావయ్యకి గుర్తులేదు. ఇండియా పెద్దదంటున్నాడు కాబట్టి మొదటి వైపు ఎక్కువ పట్టవు, మూడో నాలుగో ఉంటాయి. అంటే కృతి స్థానం నాలుగో ఐదో. చిన్నదన్నాడు కాబట్టి రెండున్నర నిమిషాల నుంచి మూడున్నర నిమిషాల మధ్య అనుకున్నాను. ఇక్కడ నిడివిని మిల్లీసెకన్లలో ఇవ్వాలి.

```
recording:kruthi~2 AND (tnum:4 OR tnum:5) AND dur:[150000 TO 210000]
```

`tnum` అంటే డిస్కులో ఎన్నో పాట అని. ఎల్పీల విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. అట్ట మీద B1 అని ఉన్నా, మ్యూజిక్‌బ్రెయిన్జ్ లోపల రెండు వైపులూ కలిపి వరసగా లెక్కపెడుతుంది. మొదటి వైపు మూడు ఉంటే B1 నాలుగో పాట. అట్ట మీది గుర్తుతోనే వెతకాలనుకుంటే `number:B1` అని అడగాలి. సీడీలో B1 ఉండదు కాబట్టి నేను `tnum` తోనే మొదలుపెడతాను.

వచ్చినవాటిలో Kriti అనే పాట పేజీ తెరిస్తే, అది ఏయే డిస్కుల్లో ఎన్నోదిగా ఉందో కనిపిస్తుంది. అలా చేరింది శక్తి బృందం ఆల్బమ్‌కి, 1976లో రికార్డయిన 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ'. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. ఆరు పాటల జాబితాలో మూడోది India, నాలుగోది Kriti, ఐదోది Isis. ఎల్పీలో మొదటి వైపు India తోనే అయిపోతుంది. నిడివులు కూడా సరిపోయాయి: India పన్నెండు నిమిషాలు దాటుతుంది, Kriti మూడు నిమిషాలు, Isis పదిహేను నిమిషాలు.

మూడు పేర్లు ఒక జాబితాలో కనిపించగానే దొరికిందని అనేయకూడదు. తర్వాతి కాలంలో వేసిన సంకలనాల్లో కూడా అవే రికార్డింగులు ఉండొచ్చు. పక్కపక్కనే ఉన్నాయా, ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయా, ఎక్కడ వైపు మారుతోంది అన్నవే అసలు ఆల్బమ్‌ని సంకలనం నుంచి విడదీస్తాయి. ఇక్కడ వరస ఇంకో మేలూ చేసింది. డిలన్ Isis 'డిజైర్' ఆల్బమ్‌లో రెండోది, కోల్ట్రేన్ India 'ఇంప్రెషన్స్'లో మొట్టమొదటిది. మావయ్య చెప్పిన స్థానాలకి ఆ రెండూ ఎంతో దూరం.

ఇన్నాళ్ల వాడకంలో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒకటుంది. ఎన్నో పాట అన్న అంకె కన్నా, దేని తర్వాత ఏది అన్న జ్ఞాపకాన్నే ఎక్కువ నమ్మాలి. మన ప్రాంతంలో అమ్మిన సినిమా క్యాసెట్లలో ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా ఉండేవి. రెండు ఎల్పీల్ని ఒకే సీడీలో వేస్తే, రెండో ఎల్పీ మొదటి పాట ఏ ఏడోదో ఎనిమిదోదో అవుతుంది. అంకె మారినా వరస మాత్రం మారదు. వరసే మారిన సందర్భాలూ లేకపోలేదు: బీటిల్స్ 'రబ్బర్ సోల్' బ్రిటన్‌లో ఒక పాటతో మొదలైతే, అమెరికాలో వేరే పాటతో మొదలవుతుంది. అందుకే ఆల్బమ్ దొరికాక దాని ఒక్క ముద్రణే చూసి ఆగను, మిగతా ముద్రణల జాబితాలు కూడా తెరుస్తాను. అడిగినవాళ్లు విన్నది ఏ దేశం ముద్రణో అక్కడ తేలుతుంది. కాపీ క్యాసెట్ అయితే మరో జాగ్రత్త కావాలి. కాపీ చేసినవాళ్లు టేపు పొడవుని బట్టి ఎక్కడైనా వైపు మార్చి ఉండొచ్చు. మావయ్య క్యాసెట్‌లో అసలు ఎల్పీ లాగే తిరగడం మా అదృష్టం.

ఈ పద్ధతి బాగా తడబడేది కర్ణాటక కచేరీ ఆల్బమ్‌ల దగ్గరే. బరంపురంలో నన్ను ఎక్కువగా అడిగేవి కూడా అవే కాబట్టి ఈ మాట చెప్పాలి. "మొదట్లో వాతాపి, మధ్యలో ఎందరో మహానుభావులు, చివర మంగళం" అని ఎవరైనా చెబితే చేతికి ఏమీ అందనట్టే. ఆ కీర్తనలు ఎందరో పాడారు, పైగా కచేరీ క్రమమే అది. వాతాపి మొదట్లో, మంగళం చివర రావడం మామూలే కాబట్టి ఆ వరస ఏ ఆల్బమ్‌నీ వేరు చెయ్యలేదు. ఎప్పుడూ వచ్చే చోట కాకుండా వేరే చోట వచ్చిన పాట ఒక్కటి గుర్తున్నా చాలు, చాలా మేలు. తిల్లానా తర్వాత ఇంకో పెద్ద కీర్తన వచ్చిందంటే అది పట్టుకోదగ్గ ఆధారం. అందుకే ఇలాంటప్పుడు పేర్లు పక్కన పెట్టి ఇంకో ప్రశ్న అడుగుతాను: "ఏది ఎక్కువసేపు ఉండేది? ఏ పాట మధ్యలో క్యాసెట్ తిరిగేది?" రాగం ఆలాపన, స్వరాలతో ఒక కీర్తన నిడివి ఒక్కో గాయకుడి దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఆ తేడాని `dur` పట్టుకుంటుంది.

లోపాల్లో పెద్దది, మన క్యాసెట్లు ఇందులో తక్కువ. ఒడియా భక్తిగీతాలు, శ్రీకాకుళం వైపు జానపదాలు, చిన్న కంపెనీల హరికథలు వెతికితే చాలాసార్లు ఖాళీగానే తిరిగిరావాలి. అలాంటప్పుడు డిస్కాగ్స్ వైపు వెళ్తాను. దాని అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో పాట పేరుకి విడిగా `Track` అనే గడి ఉంది, స్థానాల్ని అట్ట మీద ఉన్నట్టే A1, B1 అని రాస్తారు. ఎల్పీలు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నింపేది కాబట్టి పాత భారతీయ ఎల్పీలు అక్కడ ఎక్కువ దొరుకుతాయి. కానీ స్థానం, నిడివి కలిపి జల్లెడ పట్టే వీలు మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లోనే ఉంది.

ఇంకో లోపం వెంటనే కనిపించదు. ఒకే రికార్డింగు పది డిస్కుల్లో ఉంటే, ఆ పది డిస్కుల వివరాలూ వెతుకులాటకి ఒకే మూటలా కనిపిస్తాయి. `tnum:4 AND tracks:6` అని అడిగితే, ఒక డిస్కులో నాలుగోదై, ఇంకో డిస్కులో మొత్తం ఆరు పాటలున్నా సరే, ఆ పాటని చూపిస్తుంది. ఫలితం వచ్చాక డిస్కు పేజీ తెరిచి కళ్లతో చూసుకోవాల్సిందే.

ఎక్కడా దొరకని క్యాసెట్ అట్టతో సహా నా చేతికొస్తే, నేనే ఖాతాలోకి వెళ్లి పాటల పేర్లు అట్ట మీద ఉన్న స్పెల్లింగ్‌తోనే, వైపులవారీగా, నిడివులతో ఎక్కిస్తున్నాను. రాయగడ పిన్ని ఇంట్లో దొరికిన హరికథ క్యాసెట్లు ఇప్పుడు ఆ వరసలో ఉన్నాయి.