రెండు పంపుల ఆటోమేటిక్ ప్యానెల్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఒకసారి మెయిన్ స్విచ్ తీసి చూడండి

బెంగళూరులో మా అపార్ట్‌మెంటులో 96 ఇళ్లు. కావేరి నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఒకే సంపులో పడతాయి. అక్కడి నుంచి పైట్యాంకుకు ఎక్కించడానికి రెండు పంపులు ఉన్నాయి. పోయిన వేసవికి ముందు కమిటీ తరఫున కొత్త ప్యానెల్ నేనే కొనిపించాను కాబట్టి తిట్లు కూడా నేనే తిన్నాను. అమ్మినవారి పేరు చెప్పను. ఇదే లోపం ఎవరి ప్యానెల్‌లోనైనా ఉండవచ్చు.

వారు చెప్పింది వినడానికి బాగుంది. రెండిటిలో ఒకటి ముందు పంపు, ఇంకొకటి తోడు పంపు. ట్యాంకు సగానికి దిగితే ముందు పంపు నడుస్తుంది, పావుకు దిగితే తోడు పంపు కూడా వస్తుంది. నడిచిన గంటలు లెక్కగట్టి, తక్కువ నడిచిన పంపును ముందుకు తెస్తుంది. ఒకటి చెడిపోతే రెండోది అందుకుంటుంది. అప్పగించిన రోజు తెరమీద రెండు పంపుల గంటలూ దాదాపు సమానంగా చూపించారు, సంతకం పెట్టాను.

మూడు నెలల తర్వాత ఒక ఉదయం ఆరింటికి ఏ ఇంట్లోనూ చుక్క నీరు లేదు. సంపు మాత్రం నిండుగా ఉంది. పంపుల గదికి వెళ్తే ఒకటో పంపు మోటారు హాయిగా తిరుగుతోంది, తెరమీద `RUN` అని ఉంది, పంపు పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. గొట్టం అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వులో చెత్త ఇరుక్కుని గొట్టంలో నీళ్లు సంపులోకి జారిపోయాయి. పంపు రాత్రంతా గాలిలో తిరిగి సీలు కాల్చుకుంది. ట్యాంకు పావుకు దిగినప్పుడు ప్యానెల్ రెండో పంపును పిలిచింది, నిజమే. అది వారాల తరబడి కదలక లోపల తుప్పుతో పట్టేసి ఉంది. తిరగలేక ఓవర్‌లోడ్‌లో పడిపోయింది. ఒకటోది నడుస్తోందనే ప్యానెల్ నమ్మకం కాబట్టి ఇక చేయడానికేమీ లేదనుకుని ఊరుకుంది.

రెండూ సమానంగా నడుస్తుంటే రెండోది ఎలా పట్టేసింది? జవాబు మా పంపు ఆపరేటర్ నోటుబుక్కులో దొరికింది. హిందూపురం నుంచి వచ్చిన పెద్దాయన, తెరను నమ్మరు. ఏ పంపు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్నీ రాస్తారు. కూడితే ఒకటో పంపు 402 గంటలు, రెండోది 48. ఆ పూట తెరమీద మాత్రం 1, 0.

మూడు నెలలు నడిచిన పంపుకు ఒక గంటా! అప్పుడు వేరే ఇంజినీరును పిలిపించి ప్రోగ్రాము తెరిపించాం. అసలు మెలిక ఇది:

```
IF H1 - H2 > 2 THEN LEAD := 2;
ELSIF H2 - H1 > 2 THEN LEAD := 1;
END_IF;
```

గంటల తేడా రెండు దాటితేనే ముందు పంపు మారుతుంది. ఇందులో తప్పు లేదు, ఊరికే అటూ ఇటూ మారకుండా ఆ మాత్రం ఎడం కావాలి. కానీ రెండు పంపుల గంటలు దాచే `H1`, `H2` కరెంటు పోతే సున్నా అయ్యే జ్ఞాపకంలో ఉన్నాయి, ముందు పంపు ఏదో చెప్పే `LEAD` కూడా మళ్లీ ఒకటికి వస్తుంది. మాకు ఒక్కో విడత 50 నిమిషాలు. మూడు విడతలైతే గానీ రెండు గంటలు దాటదు. వేసవిలో ఆ లోపే కరెంటు పోయేది. జనరేటర్ అందుకునేటప్పుడు ఒకసారి, తిరిగి లైనుకు మారేటప్పుడు ఇంకోసారి లెక్క చెరిగిపోయేది. రెండో పంపు వంతు వచ్చేది ఎప్పుడు?

ఇక పంపు చెడిపోయిందని ప్యానెల్‌కు తెలిసే దారి ఓవర్‌లోడ్ రిలే ఒక్కటే. నీళ్లు లేకుండా తిరిగే మోటారుకు బరువు తగ్గుతుంది, తీసుకునే కరెంటు కూడా తగ్గుతుంది. ఎక్కువ కరెంటు కోసం కాపలా కాసే రిలే దాన్ని ఎన్నటికీ పట్టదు. అమ్మినవారిని అడిగితే, గొట్టంలో నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పే ఫ్లో స్విచ్ మీరు అడగలేదు కదా అన్నారు.

ఇప్పుడు ప్రతి పంపు డెలివరీ గొట్టానికీ ఒక ఫ్లో స్విచ్ పెట్టించాం. మొదలైన 20 సెకన్లలో ప్రవాహం కనబడకపోతే ఆ పంపు ఆగి రెండోది వస్తుంది. ఇక్కడా ఒకసారి దెబ్బతిన్నాం. ఆగిపోయిన పంపుకు గంటలు పెరగవు కాబట్టి, తక్కువ నడిచిందన్న లెక్కతో ప్రతి విడతా చెడిన పంపునే ముందు పిలిచేది. మనిషి వచ్చి చూసి రీసెట్ నొక్కేదాకా దాన్ని వరుసలోంచి తీసేయాలని రాయించుకోవలసి వచ్చింది.

మీరు కొనేటప్పుడు అప్పగింత రోజున అరగంట అడగండి. గంటలు చూసి రాసుకుని, మెయిన్ తీసి మళ్లీ వేయండి, అంకెలు అలాగే ఉండాలి. తర్వాత ఫ్లో స్విచ్ వైరు ఒకటి తీయించి పంపు మొదలుపెట్టించండి, రెండోది దానంతట అది రావాలి. వైరు తిరిగి పెట్టినా, రీసెట్ నొక్కకుండా మొదటిది వరుసలోకి రాకూడదు. పంపులకు కరెంటు కలిపే కాంటాక్టర్ల దగ్గర విడి అవర్ మీటర్లు పెట్టించుకుంటే తెర చెప్పేది నిజమో కాదో ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు.

మాకు సీలు, బేరింగులు మార్చిన తర్వాత నిన్నటికి ఒకటో పంపు 61 గంటలు, రెండోది 60. నోటుబుక్కులోనూ అంతే ఉంది.