నాలుగు టైర్లు, 190 గ్రాముల బిల్లు: ఆన్‌లైన్‌లో కొన్న టైర్లతో నా అనుభవం

టైర్లు బాగున్నాయి. వాటిమీద ముప్పై వేల కిలోమీటర్లకు పైగానే తిరిగాను, ఒక్క పంక్చరు తప్ప ఇబ్బంది రాలేదు. నా కోపమంతా వాటిని బిగించిన సెంటర్ ఇచ్చిన బిల్లులోని ఒక లైను మీద. "బ్యాలెన్సింగ్ వెయిట్లు, 190 గ్రాములు, గ్రాముకు 3 రూపాయలు." చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా రిమ్‌కు అతికించే చిన్న ముక్కలే ఈ వెయిట్లు. 570 రూపాయలు పెద్ద మొత్తం కాదు. కానీ ఆ లైను వెనక ఉన్న పనితనం మాత్రం ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

నా కారుకు 185/65 ఆర్15 సైజు, అలాయ్ వీల్స్. సైటులో ఆర్డర్ పెడితే టైర్లు నేరుగా హన్మకొండలోని ఒక ఫిట్టింగ్ సెంటర్‌కే వచ్చాయి. బిగించాక ఊళ్లో తిరిగినన్ని రోజులు ఏమీ తెలియలేదు. హైదరాబాద్ వెళ్తుంటే జనగామ దాటాక, స్పీడు 85 తాకగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. 70కి తగ్గిస్తే ఆగుతోంది, మళ్లీ పెంచితే మళ్లీ వణుకు. స్టీరింగ్ వణికితే తేడా ముందు చక్రాల్లో ఉన్నట్టు, సీటు, ఫ్లోరు వణికితే వెనక చక్రాల్లో ఉన్నట్టు. కారు ఒక పక్కకు లాగుతుంటే అది ముందుగా అలైన్‌మెంట్ దగ్గర చూసుకోవాల్సిన సంగతి. నాకు కారు తిన్నగానే పోతోంది, చేతులు మాత్రం జివ్వుమంటున్నాయి.

సెంటర్‌కు ఫోన్ చేస్తే "మళ్లీ బ్యాలెన్సింగ్ చేస్తాం, వెయిట్లు పడితే వాటికి చార్జీ ఉంటుంది" అన్నారు. మళ్లీ గ్రాముల లెక్కే. ఇక అక్కడికి పోకుండా, టైర్లు కొనే ముందు రేటు అడిగి వచ్చిన లోకల్ షాపుకే వెళ్లాను. ఆ షాపాయన ముందు ఎడమ చక్రం ఊడదీసి, రిమ్ లోపల టార్చి వేసి చూపించాడు. 5 గ్రాముల ముక్కలు ఎనిమిది వరసగా అతికించిన చోట జిగురు మరక మాత్రమే ఉంది, పట్టీ మొత్తం ఊడిపోయింది. పాత దుమ్ము తుడవకుండానే దాని మీద అతికించారు. మా దగ్గర పత్తి చేల వైపు ఒక్కసారి పోయొస్తే రేగడి మట్టి రిమ్ లోపల పేరుకుంటుంది. అది కడగకుండా బ్యాలెన్స్ చేస్తే మిషన్ ఆ మట్టిని కూడా కలిపే తూస్తుంది. ఆ మట్టి తర్వాత రాలిపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పాడు. మిగిలిన వెయిట్లన్నీ పీకేసి చక్రాన్ని మిషన్ మీద తిప్పితే లోపలి వైపు 45, బయటి వైపు 40 చూపించింది. ఒక్క చక్రానికే 85 గ్రాములు.

"తమ్మీ, గీ పసుపు చుక్క చూసినవా? వాల్వు దిక్కుండాలె. గిది ఎదురంగ ఉన్నది."

కొత్త టైరు పక్కన ఉండే ఆ పసుపు చుక్క, టైరు ఎక్కడ తేలిగ్గా ఉందో చెప్పే గుర్తు. రిమ్‌కు సాధారణంగా వాల్వు ఉన్న చోట బరువు కాస్త ఎక్కువ. తేలికైన చోటును బరువైన చోటుకు ఎదురుగా పెడితే రెండు తేడాలూ ఒకే వైపు కూడుతాయి, పక్కపక్కన పెడితే ఒకదాన్ని ఒకటి చాలావరకు తగ్గించుకుంటాయి. ఆయన గాలి తీసి, టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి, మళ్లీ గాలి కొట్టి మిషన్ ఎక్కించాడు. ఈసారి 15, 10. వెయిట్లు అతికించాక రెండోసారి తిప్పి, రెండు వైపులా సున్నా వచ్చేదాకా నన్ను అక్కడే నిలబెట్టాడు. 250 తీసుకున్నాడు, వెయిట్లకు విడిగా ఏమీ అడగలేదు. తర్వాత అదే రోడ్డు మీద వంద దాటినా స్టీరింగ్ కదల్లేదు.

గ్రాముకింత అని వసూలు చేసే చోట టైరును తిప్పి బిగించే ఓపిక ఎవరికుంటుంది? ఎక్కువ వెయిట్లు పడితే వాళ్లకే బిల్లు పెరుగుతుంది. అందుకే రేటు అడిగేటప్పుడు నేనిప్పుడు "బ్యాలెన్సింగ్ వెయిట్లతో కలిపేనా?" అని మొదటే అడుగుతున్నాను. ఒక చక్రానికి 50 గ్రాములు దాటితే తిప్పి చూస్తారా అని కూడా అడుగుతున్నాను.

ఇక డబ్బుల సంగతి. ఆన్‌లైన్‌లో టైరు 5,350, నాలుగింటికి 21,400. లోకల్ షాపులో 5,700 చొప్పున 22,800. స్క్రీన్ మీద చూస్తే 1,400 మిగిలినట్టే. కానీ ఆన్‌లైన్ టైర్లకు ఫిట్టింగ్ 600, బ్యాలెన్సింగ్ 480, వెయిట్లు 570, వాల్వులు 240, అలైన్‌మెంట్ 450 కలిస్తే 23,740 అయింది. లోకల్ షాపు రేటులో ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్, వాల్వులు కలిసే ఉన్నాయి. అలైన్‌మెంట్ 350 మాత్రమే వేరే. పాత టైర్లకు 300 చొప్పున 1,200 తగ్గిస్తానన్నాడు, అంటే 21,950. ఇవి 28 శాతం జీఎస్టీ ఉన్నప్పటి రేట్లు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతమైంది కాబట్టి నా అంకెలను ఇవాళ్టి రేటుతో పోల్చకండి, ఏ ఖర్చు ఎక్కడ కలిసిందో మాత్రం చూడండి. రెండు చోట్లా ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే లోడ్, స్పీడ్ గుర్తులు ఉంటేనే ఆ పోలిక నిలుస్తుంది. సైజు ఒకటే అయినా 88హెచ్, 88టీ ఒకటి కావు.

పాత టైర్ల దగ్గర సెంటర్‌వాళ్లు ఇంకో మాట అన్నారు. పారేయడానికి టైరుకు 50 ఇవ్వాలట. మన దగ్గర ఇంకా అరుగుదల మిగిలిన పాత టైరుకు ఎంతో కొంత ధర పలుకుతుంది, దానికి మనమే ఎదురు డబ్బులివ్వడమేంటని నాలుగూ డిక్కీలో, వెనక సీట్లో వేసుకుని ఇంటికి తెచ్చాను. వానాకాలం వాటిలో నీళ్లు నిలిచి దోమలు మొదలయ్యేసరికి మా అమ్మ పోరు పడలేక ఒక సెకండ్ హ్యాండ్ షాపులో 150 చొప్పున ఇచ్చేశాను. ఆ 600 తీసేసినా నాకు 1,190 ఎక్కువే పడింది.

మొదట్లో ఆన్‌లైన్‌ను నేను మెచ్చుకున్నది తయారీ తేదీ విషయంలో. టైరు మీద డాట్ నంబరు చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1424 అంటే 2024లో 14వ వారం. నాకు వచ్చినవి మూడు నెలలు కూడా నిండనివి, అదే లోకల్ షాపులో చూపించినవి దాదాపు ఏడాది పాతవి. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ తర్వాత మా ఆఫీసులో ఒకాయన అదే సైటులో తెప్పిస్తే ఏడాదిన్నర పాతవి వచ్చాయి. కాబట్టి అది సైటు గొప్పతనమో, నాకు కలిసొచ్చిందో గట్టిగా చెప్పలేను. లోకల్‌లో అయితే బిగించకముందే అంకెలు చదివి, వద్దంటే వేరేది తీయించుకోవచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ షాపు మా ఇంటికి పది నిమిషాల దూరం, నా సైజు ప్రతి షాపులో దొరికేది. భూపాలపల్లిలో ఉండే మా బావమరిది కారు సైజు హన్మకొండలో మూడు షాపులు తిరిగినా దొరకలేదు. అతన్ని ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోమన్నాను. బిగించడానికి, బ్యాలెన్సింగ్‌కు మాత్రం ఈ షాపుకే తీసుకురమ్మన్నాను. బయట కొన్న టైర్లయితే నాలుగింటికీ కలిపి, వెయిట్లతో సహా, 1,200 అవుతుందని షాపాయన ముందే చెప్పాడు.