డబ్బు తీసుకుని రాస్తున్న సమీక్ష: ఏడు నెలలు వాడిన సన్‌స్క్రీన్

ఇది ప్రకటన. ఈ సన్‌స్క్రీన్ గురించి చెప్పినందుకు కంపెనీ నాకు 15,000 రూపాయలు ఇచ్చింది, ఆరు ట్యూబులు ఉచితంగా పంపింది. కింద ఉన్న నా కోడ్‌తో మీరు కొంటే ఒక్కో ట్యూబుకు 40 రూపాయలు నాకు వస్తాయి. కంపెనీ పేరు పైన లేబుల్‌లో కనిపిస్తూనే ఉంది కనుక ఈ వాక్యాల్లో మళ్ళీ రాయడం లేదు.

ఈ సన్‌స్క్రీన్‌ను నేను జనవరి మొదటి వారంలో తిరుపతిలో మా వీధి చివరి మందుల దుకాణంలో 499 రూపాయలకు కొన్నాను. ఫిబ్రవరి చివరి వరకు వాడిన రెండు ట్యూబులు నా సొంత డబ్బుతో కొన్నవి. మార్చిలో కంపెనీ వాళ్ళు పలకరించారు. అప్పటి నుంచి వాడినవన్నీ వాళ్ళు పంపినవే. ఈ తేదీలు చెప్పడానికి కారణం ఉంది. ముఖం మీద తెల్లదనం కనిపించడం, బొట్టు అంటుకోకపోవడం వంటివి నేను డబ్బు తీసుకోకముందే గమనించినవి. ఎండాకాలపు అనుభవం మొత్తం డబ్బు తీసుకున్న తర్వాతిది. ఏ మాటను ఎంత నమ్మాలో తేల్చుకోవడానికి చదివేవారికి ఈ తేడా తెలియాలి.

ఒప్పందంలో ఇంకొక షరతు కూడా ఉంది. ఈ పోస్టు పెట్టిన నాటి నుంచి అరవై రోజుల పాటు మరే కంపెనీ సన్‌స్క్రీన్ గురించీ మాట్లాడనని నేను సంతకం చేశాను. అందువల్ల ఇక్కడ వేరొక దానితో పోలిక దొరకదు. పోలిక లేకపోవడాన్ని చూసి ఇదే అన్నిటికంటే మంచిదని నేను తేల్చినట్టు ఎవరూ అనుకోవద్దు. నేను పోల్చలేదు, ప్రస్తుతం పోల్చకూడదు కూడా.

ఇక వాడకం సంగతి. నేను తిరుచానూరు నుంచి బాలాజీ కాలనీకి రోజూ స్కూటర్ మీద వెళ్ళి వస్తాను. దీని మీద ఎండకు చర్మం కమిలిపోకుండా ఉండే రక్షణను చెప్పే ఎస్‌పీఎఫ్ 50, చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాల నుంచి రక్షణను చెప్పే పీఏ నాలుగు ప్లస్‌లు అని ఉంది. ప్రయోగశాలలో ఆ 50 అనే అంకెను చదరపు సెంటీమీటరు చర్మానికి రెండు మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు. ఇంటి లెక్కలో చెప్పాలంటే చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. నాకు అది సుమారు ఒక గ్రాము అవుతుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం బయటికి వెళ్ళే ముందు ఒకసారి పూస్తే యాభై గ్రాముల ట్యూబు ఇరవై అయిదు రోజుల్లో అయిపోతుంది. నాకు ఏడు నెలల్లో ఎనిమిది ట్యూబులు పట్టాయి. అంటే రోజుకు దాదాపు ఇరవై రూపాయల ఖర్చు. నేను చెప్పాలని కంపెనీ రాసి పంపిన మాటల్లో మాత్రం "ఒక ట్యూబు రెండు నెలలు వస్తుంది" అని ఉంది. శనగగింజంత తీసుకుని ముఖమంతా పులిమితే నిజంగానే రెండు నెలలు వస్తుంది, కానీ అప్పుడు పెట్టె మీద రాసిన రక్షణ చర్మానికి అందదు. ఆ వాక్యాన్ని నేను తీసివేయించాను.

పూసిన పది నిమిషాల వరకు నా చామనఛాయ ముఖం మీద విభూతి రాసుకున్నట్టు తెల్లగా కనిపిస్తుంది. ఆ తర్వాత చాలావరకు తగ్గుతుంది గానీ పెళ్ళి ఫొటోల్లో ఫ్లాష్ పడితే మళ్ళీ బయటపడుతుంది. స్టిక్కర్ బొట్టు పెట్టుకునేవారు పావుగంట ఆగవలసిందే, లేకపోతే దారిలోనే జారిపోతుంది. (ఈ సంగతి ఏ ప్రకటనలోనూ నేను చూడలేదు. మన ఇళ్ళలో దీనికంటే ముందు అడిగే ప్రశ్న ఉండదేమో.) అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది కళ్ళ మంట. ఏప్రిల్‌లో అలిపిరి మెట్ల దారిన కొండెక్కినప్పుడు, మోకాలి పర్వతం చేరేసరికి నుదుటి మీదిది చెమటతో కలిసి కళ్ళల్లోకి దిగి, కాసేపు కూర్చోవలసి వచ్చింది. అప్పటి నుంచి కనుబొమల కింద పూయడం మానేశాను, చెమటను తుడవకుండా మెత్తని గుడ్డతో అద్దుతున్నాను; మంట తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మేలో నుదుటి మీద చిన్న పొక్కులు వచ్చాయి. రాత్రిపూట నీళ్ళతో మాత్రమే కాకుండా ఫేస్‌వాష్‌తో కడగడం మొదలుపెట్టాక రెండు వారాల్లో తగ్గాయి. అవి సన్‌స్క్రీన్ వల్ల వచ్చాయో, హెల్మెట్ లోపలి ఉక్కకు వచ్చాయో నేను చెప్పలేను.

మేలు కూడా అంతే జాగ్రత్తగా చెప్పాలి. ప్రతి వేసవిలో నా ముఖమూ చేతులూ ఒకేలా నల్లబడేవి. ఈసారి సన్‌స్క్రీన్ పూయని ముంజేతులు ఎప్పటిలాగే నల్లబడ్డాయి, ముఖం అంతగా నల్లబడలేదు. అయితే ఈ వేసవిలోనే నేను ముఖానికి చున్నీ చుట్టుకోవడం కూడా మొదలుపెట్టాను. కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ ట్యూబు ఖాతాలో వేయడం అన్యాయం.

చిక్కంతా మంగు మచ్చల దగ్గర వచ్చింది. రెండో కాన్పు తర్వాత నా రెండు చెంపల మీదా మంగు వచ్చింది. ఆ సంగతి తెలిసే కంపెనీ వాళ్ళు నన్ను ఎంచుకున్నారని తర్వాత అర్థమైంది. వాళ్ళు పంపిన రాతలో "నాలుగు వారాల్లో నా మంగు మచ్చలు మాయమయ్యాయి" అని నా నోటితో చెప్పించే వాక్యం ఉంది. నా మచ్చలు మాయం కాలేదు, పలచబడను కూడా లేదు. వేసవిలో ముదరలేదు, అంతవరకే. చర్మ వైద్యురాలిని అడిగితే, సన్‌స్క్రీన్ మంగు ముదరకుండా ఆపడానికి పనికివస్తుందని, ఉన్న మచ్చను తీయడం దాని పని కాదని చెప్పారు. పైగా మంగును అతినీలలోహిత కిరణాలే కాకుండా కంటికి కనిపించే వెలుతురు కూడా రెచ్చగొడుతుందని, దాన్ని అడ్డుకోవడానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలని అన్నారు. నేను ట్యూబు వెనుక పదార్థాల పట్టీ చూశాను. ఇందులో ఐరన్ ఆక్సైడ్ లేదు. కాబట్టి మంగు కోసం దీన్ని కొనాలనుకునేవారు ముందు వైద్యులను అడగడం మంచిది.

జనవరి నాటి ఫొటో, జూలై నాటి ఫొటో పక్కపక్కన పెట్టమని కూడా అడిగారు. తీసి చూస్తే జనవరిది పొద్దున ఏడు గంటలకు కిటికీ దగ్గర తీసినది, జూలైది మిట్టమధ్యాహ్నం వరండాలో తీసినది. రెండో దానిలో మచ్చలు సగమైనట్టు కనిపిస్తున్నాయి, కానీ అది వెలుతురు చేసిన పని. అందుకే ఆ జంట ఫొటో పెట్టలేదు. ఈ పోస్టుతో పెట్టిన వీడియోలో ఫిల్టర్ వాడలేదు.

ఇక మొదటి వాక్యం గురించి. కంపెనీ రాసి పంపిన దానిలో చివరన పద్నాలుగు హ్యాష్‌ట్యాగులు ఉన్నాయి, వాటి మధ్య స్పాన్సర్డ్ అనే మాటను కుదించి #sp అని ఒకటి ఉంది. ఒప్పందం గురించి చెప్పిన మాట మొత్తం అంతే. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ మాట హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిసిపోకూడదు, చదివేవారు "ఇంకా చూడండి" అన్నది నొక్కవలసిన అవసరం లేకుండా మొదటి రెండు వరుసల్లోనే కనిపించాలి. వీడియో పదిహేను సెకన్లు దాటి రెండు నిమిషాల లోపు ఉంటే మూడో వంతు సేపు అది తెర మీద ఉండాలి. నా వీడియో నలభై ఎనిమిది సెకన్లు, కనుక పదహారు సెకన్లు చాలు. అయినా మొదటి నుంచి చివరి దాకా ఉంచాను, ఎందుకంటే చాలామంది మధ్యలో నుంచి చూస్తారు.

నేను మొదట యాప్‌లో ఉన్న Paid partnership లేబుల్ పెట్టి, దాని కింద తెలుగులో "చెల్లింపు భాగస్వామ్యం" అని రాశాను. పోస్టు చేసే ముందు చిత్తూరులో ఉండే మా చిన్నమ్మకు చూపించాను. ఆమె చదివి, "ఏమ్మే, ఆ కంపెనీలో నువ్వు గానీ వాటా పెట్టినావా?" అని అడిగింది. "లేదు చిన్నమ్మా, దాని గురించి చెప్పినందుకు నాకు డబ్బులిచ్చినారు" అన్నాను. "అట్లయితే అట్లనే రాయొచ్చు గదా" అంది. భాగస్వామ్యం అంటే మన వ్యాపార భాషలో లాభనష్టాల్లో వాటా. ఆ మాట రాస్తే నేను కంపెనీ యజమానుల్లో ఒకరినని అర్థం వస్తుంది, లేదా ఏ అర్థమూ రాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనలు కూడా ఈ వెల్లడి సరళమైన మాటల్లో, ప్రచారం ఏ భాషలో చేస్తున్నామో ఆ భాషలోనే ఉండాలంటున్నాయి. తెలుగులో మాట్లాడుతూ ఇంగ్లీషు లేబుల్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే సరిపోదన్నమాట. అందుకే లేబుల్‌ను ఉంచి, కింద మా చిన్నమ్మకు అర్థమయ్యే మాటే రాశాను.

దీనికి కంపెనీ వెంటనే ఒప్పుకోలేదు. మొదటి వరుసలోనే "ప్రకటన" అని ఉంటే చూసేవారు తగ్గుతారని, కళ్ళ మంట, తెల్లదనం సంగతులు తీసివేయమని రాశారు. నేను మార్గదర్శకాలను జతచేసి, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద దాన్ని ప్రచారం చేసినవారికి కూడా పది లక్షల వరకు జరిమానా పడవచ్చని గుర్తుచేశాను. మూడో ఉత్తరం తర్వాత, వాస్తవాల్లో తప్పుంటే దిద్దే హక్కు వాళ్ళకు, లోపాలు ఉంచే హక్కు నాకు ఉండేలా ఒప్పందంలో ఒక వాక్యం మార్చారు. వాళ్ళు దిద్దిన తప్పు ఒకటుంది: నేను పీఏ ప్లస్‌లు మూడని రాశాను, అవి నాలుగు.

ఎనిమిదో ట్యూబు అడుగుకు వచ్చింది. తొమ్మిదోది నా డబ్బుతోనే, కోడ్ లేకుండా కొంటాను, ఈసారి ముంజేతులకూ పూస్తాను. నా కోడ్ సెప్టెంబర్ 30 వరకు పనిచేస్తుంది. ఆ తర్వాత మీరు కొన్నా నాకు ఏమీ రాదు. కోడ్ వాడకపోతే ఇప్పుడు కూడా ఏమీ రాదు, దుకాణంలో ధర ఒకటే.