చాట్ రీడింగ్ అంటూ స్క్రీన్‌షాట్లు అడిగే పేజీలతో జాగ్రత్త

ఇన్‌స్టాలో 499కి చాట్ రీడింగ్ చేస్తామనే పేజీ, ఏదో మీలో చాలామందికి తెలుసు. వాళ్ల వెబినార్ నేనూ డబ్బు పెట్టి కొన్నాను, అప్పటి నుంచి ఫాలో అవుతున్నాను. నిన్న రాత్రి వాళ్ల స్టోరీలో నా మెసేజ్‌లే కనిపించాయి.

పంపింది నా ఫ్రెండ్. ఈమధ్య నేను సరిగా మాట్లాడటం లేదని బాధపడి, నా మనసులో ఏముందో చెప్పమని మా చాట్ వాళ్లకిచ్చింది. తన మీద నాకు కోపం లేదు, ఫోన్ చేస్తే ఏడ్చేసింది. 'ఎవరికీ చూపించం, చదవగానే డిలీట్ చేస్తాం' అని వాళ్లు పెట్టిన మెసేజ్ కూడా చూపించింది.

స్టోరీలో 'సరేలే, తర్వాత మాట్లాడదాం' అన్న నా మాట చుట్టూ ఎర్ర గీత. పక్కన 'తప్పించుకునే రకం' అని తీర్పు. కింద పోల్: ఫ్రెండా, ఫేకా? ఊరూ పేరూ తెలియనివాళ్లు నా మీద ఓట్లు వేస్తున్నారు! నా మాటకు సరిగ్గా పైన తన వాయిస్ మెసేజ్ ఉంది. స్క్రీన్‌షాట్‌లో అది ఉత్త గీతలు, పక్కన 1:12 అన్న అంకె, అంతే. 'ముందు నాన్నగారి డయాలసిస్ చూసుకో, షాపింగ్ సంగతి తర్వాత' అని తను చెప్పింది అందులోనే. దానికి 'సరేలే' అనక ఏమంటాం? అందులో ఏముందని వాళ్లు తనను ఒక్క మాట కూడా అడగలేదట.

ఇది నా చాట్, తీసేయండి అని మెసేజ్ పెట్టాను. 'మీ పేరెక్కడుంది మేడమ్? మీరే బయటపడుతున్నారు' అని జవాబు. చేతులు వణికాయి నాకు.

పేరు ఉంది. మా ఫ్రెండ్ దాన్ని ఫోన్‌లోని మార్కర్‌తో కొట్టేసింది. ఆ మార్కర్ రంగు పలచన, రెండు మూడుసార్లు రుద్దితే నల్లగా కనిపిస్తుంది గానీ అడుగున అక్షరాలు అలాగే ఉంటాయి. గ్యాలరీ ఎడిట్‌లో బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పెంచితే ఇంటిపేరుతో సహా నా పేరు బయటికొచ్చింది. అది వాళ్లకు పంపాను. బ్లాక్ చేశారు. స్టోరీ 24 గంటల్లో పోతుందనుకుంటే, హైలైట్స్‌లో పెట్టుకున్నారని ఇప్పుడే మా ఫ్రెండ్ చెప్పింది.

ఎవరినైనా అర్థం అడగాలంటే స్క్రీన్‌షాట్ ఇవ్వకండి, జరిగింది మీ మాటల్లో చెప్పండి. తప్పదంటే అవతలి మనిషిని అడిగి, పేరు మీద నిండు నల్ల బాక్స్ పెట్టి, దానికి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి అదే పంపండి. డీపీ, రిప్లై బాక్స్‌లో కనిపించే పేరు కూడా మూయాలి. మీ చాట్ ఎక్కడైనా కనిపిస్తే వాళ్లతో మాట్లాడకముందే పేజీ పేరు పడేలా స్క్రీన్ రికార్డ్ చేసి, రిపోర్ట్ కొట్టండి. బ్లాక్ చేశాక మీ అకౌంట్ నుంచి ఏమీ కనిపించదు.