"ర్యామ్ ట్యూన్ చేసిస్తాం" అని అదనంగా డబ్బులు తీసుకునే షాపులతో జాగ్రత్త

ఎడిటింగ్‌కో గేమింగ్‌కో కొత్త పీసీ అసెంబుల్ చేయించే ఆలోచనలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా మన నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు వాళ్లు, బిల్లు కట్టే ముందు ఇది చదవండి. మన ఎండలకీ ఈ గొడవకీ నేరుగా సంబంధం ఉంది కాబట్టి చెప్తున్నా.

నాది పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేసే చిన్న స్టూడియో. చలికాలంలో జిల్లాలోనే ఒక షాపులో రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్‌తో సిస్టమ్ తీసుకున్నా. ర్యామ్ కంపెనీ ఇచ్చిన రెడీ ప్రొఫైల్ EXPO, అంటే 6000 స్పీడు, 1.35 వోల్టులు. షాపులో కుర్రాడు "ప్రొఫైల్ అందరూ పెట్టుకునేదే అన్నా, మేం లోపల టైమింగులు మాన్యువల్‌గా టైట్ చేసిస్తాం, టెస్టు పాసైన స్క్రీన్‌షాట్ కూడా ఇస్తాం" అన్నాడు. దానికి విడిగా చార్జి. స్క్రీన్‌షాట్ ఇచ్చిన మాట నిజమే, ఫిబ్రవరి దాకా సిస్టమ్ బాగానే నడిచింది కూడా.

ఏప్రిల్‌లో మొదలైంది. బ్లూ స్క్రీన్ రాలేదు, హ్యాంగ్ అవలేదు, అదే వచ్చి ఉంటే బాగుండేది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఆల్బమ్ పేజీల్లో అక్కడక్కడా ఒకటి సగం నుంచి కిందికి రంగు మారిపోయి, బూడిద పట్టీలు పడి వస్తోంది. జేపెగ్ ఫైల్లో ఒక్క బిట్ తప్పినా అక్కడినుంచి మిగతా బొమ్మంతా దెబ్బతినొచ్చు. క్లయింటుకి పంపిన జిప్ ఫైలు వాళ్ల దగ్గర తెరుచుకోలేదు, CRC ఎర్రర్ అంది. షాపుకి తీసుకెళ్తే విండోస్ ఫార్మాట్ చేశారు. మళ్లీ వస్తే ఎస్‌ఎస్‌డీ పోయిందన్నారు, కొత్తది వేయించి దాని డబ్బులూ తీసుకున్నారు. విచిత్రం ఏమిటంటే పొద్దున చేసిన పని అంతా బాగుంటుంది, మధ్యాహ్నం రెండు గంటల తర్వాత చేసిందే పాడవుతోంది.

ఆ పొద్దున, మధ్యాహ్నం తేడానే అసలు ఆధారం అయింది. ZenTimings అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూస్తే షాపువాళ్లు ఏం మార్చారో మొత్తం ఒక్క పేజీలో కనిపించింది. VDD వోల్టేజీ 1.45కి పెంచారు, tRFC బాగా తగ్గించారు, అన్నిటికంటే ముఖ్యం, tREFI అనేదాన్ని 65535కి పెట్టారు, అంటే ఆ బోర్డులో పెట్టగలిగినంత.

ఈ tREFI ఏమిటో కాస్త వివరంగా చెప్తా. ర్యామ్ చిప్‌లో ఒక్కో బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో చార్జ్‌గా ఉంటుంది. ఓటికుండలో నీళ్లలాగా ఆ చార్జ్ కారిపోతూనే ఉంటుంది, అందుకే కంట్రోలర్ ఎప్పటికప్పుడు రిఫ్రెష్ చేసి మళ్లీ నింపుతుంది. రెండు రిఫ్రెష్‌ల మధ్య ఎంత ఆగాలో చెప్పేది tREFI, ఒక్కో రిఫ్రెష్‌కి ఎంత సమయం ఇవ్వాలో చెప్పేది tRFC. డీడీఆర్5 ప్రమాణం ప్రకారం మధ్య విరామం 3.9 మైక్రోసెకన్లు, 6000 స్పీడులో అది సుమారు 11,700 క్లాకులు. 65535 పెడితే దాదాపు 22 మైక్రోసెకన్లు, అంటే ఐదున్నర రెట్లు. రిఫ్రెష్ జరుగుతున్నంతసేపు అక్కడ చదవడం, రాయడం కుదరదు కాబట్టి విరామం పెంచితే బెంచ్‌మార్క్‌లో అంకె బాగా కనిపిస్తుంది. కానీ చిప్ వేడెక్కేకొద్దీ ఆ చార్జ్ ఇంకా తొందరగా కారిపోతుంది. ప్రమాణంలోనే చిప్ 85 డిగ్రీలు దాటితే విరామాన్ని సగానికి తగ్గించమని ఉంది. వీళ్లేమో ఐదు రెట్లు పెంచి, దానికి తోడు వోల్టేజీ కూడా పెంచారు, దాంతో ర్యామ్ ఇంకొంచెం వేడెక్కుతుంది. టైమింగ్ బిగించడానికి వోల్టేజీ సాయం చేస్తుంది గానీ, రిఫ్రెష్ విషయంలో ఆ వేడే శత్రువు.

మరి వాళ్ల టెస్టు ఎలా పాసైంది? ఏసీ గదిలో, కేస్ పక్క ప్యానెల్ తీసేసి, గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉన్నప్పుడు చేశారు కాబట్టి. నా గదిలో కూలరే ఉంది, బయట 43 డిగ్రీలు, రెండర్ నడిస్తే గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలంతా పైనున్న ర్యామ్‌కే తగులుతుంది. HWiNFO64లో ర్యామ్ స్టిక్‌ల సెన్సర్ చూస్తే పొద్దున 45 దగ్గర ఉన్నది మధ్యాహ్నం రెండర్‌లో 60 దాటింది. ర్యామ్‌ని పరీక్షించే TestMem5 ప్రోగ్రామ్ పొద్దున నడిపితే ఒక్క ఎర్రర్ లేదు. మధ్యాహ్నం పక్కన గ్రాఫిక్స్ కార్డుకి కూడా లోడ్ పెట్టి నడిపితే కాసేపటికే ఎర్రర్లు వరసగా పడ్డాయి. మిగతావేవీ ముట్టుకోకుండా బయోస్‌లో tREFI ఒక్కటి Autoకి మార్చి, మర్నాడు అదే టైములో, అదే వేడిలో మళ్లీ నడిపా. క్లీన్. అప్పుడు పాత ఎస్‌ఎస్‌డీకి ఏ రోగమూ లేదని కూడా తేలిపోయింది.

డీడీఆర్5లో చిప్ లోపలే ఎర్రర్ సరిచేసే ఏర్పాటు ఉంది కదా అని ఒకరిద్దరు అన్నారు. ఉంది, కానీ అది చిప్ లోపల ఒక్క బిట్ తప్పితే సరిదిద్దడానికే, అంతకంటే ఎక్కువ తప్పితే దానివల్ల కాదు, మనకి సమాచారం కూడా ఇవ్వదు. సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్‌తో దాన్ని పోల్చుకోకండి.

షాపుకి ఇదంతా చూపిస్తే "మా దగ్గర టెస్టు పాసయింది కదన్నా, మీ రూమ్ వేడికి మేమేం చేస్తాం" అన్నారు. ట్యూనింగ్ చార్జి మాత్రం వెనక్కి ఇచ్చారు, ఎస్‌ఎస్‌డీ డబ్బులు ఇవ్వలేదు. ఇంకో సంగతి, ఓవర్‌క్లాకింగ్ వల్ల దెబ్బతింటే వారంటీ వర్తించదని ఏఎండీ షరతుల్లో రాసి ఉంటుంది. మీరు చేసినా షాపువాడు చేసినా మీ వారంటీకి ఒకటే. ఈ మాట వాళ్లు అమ్మేటప్పుడు ఎత్తలేదు.

కాబట్టి కొనేవాళ్లు ట్యూనింగ్ వద్దని, ఒట్టి EXPO మాత్రమే పెట్టమని చెప్పండి. నేనిప్పుడు దానిమీదే నడుపుతున్నా, ఎక్స్‌పోర్ట్ టైములో నాకు తేడా తెలియడం లేదు. ట్యూన్ కావాల్సిందే అంటే ప్యానెల్ మూసి, గ్రాఫిక్స్ కార్డుకి లోడ్ పెట్టి, ర్యామ్ టెంపరేచర్ కనిపించేలా మీ ముందే టెస్టు నడపమనండి. చలికాలంలో కొంటే ఆ ఫలితానికి మే నెల వేడిని కలుపుకుని చూడండి.

ఇప్పటికే ఇలా తీసుకున్నవాళ్లు ZenTimings తెరిచి tREFI ఎంతుందో చూసుకోండి. అనుమానం ఉంటే మీ ర్యామ్ సైజు కంటే పెద్ద ఫైలు ఒకటి తీసుకుని, మధ్యాహ్నం వేడిలో కమాండ్ ప్రాంప్ట్‌లో మీ ఫైలు పేరు పెట్టి ఇది రెండు మూడుసార్లు నడపండి:

```
certutil -hashfile D:\test.zip SHA256
```

ఇది ఫైలంతా చదివి ఒక పొడవాటి సంఖ్య చూపిస్తుంది, ప్రతిసారీ అదే సంఖ్య రావాలి. వేరేది వచ్చిందంటే మెమరీనే ముందు అనుమానించాలి. ఒకే సంఖ్య వచ్చినంత మాత్రాన బాగుందని కాదు, TestMem5 కూడా నడపాలి. తేడా కనిపిస్తే బయోస్‌లో Load Optimized Defaults కొట్టి, EXPO ఒక్కటి ఆన్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ ఎర్రర్ వస్తే EXPO కూడా తీసేసి చూడండి, అలా కూడా వస్తే స్టిక్‌నే వారంటీకి పంపాలి.

ఆ మధ్యలో కాపీ చేసిన ఫైళ్లని మాత్రం నమ్మకండి, బ్యాకప్‌లోకి కూడా పాడైనవే వెళ్లి ఉండొచ్చు. నేను ఏప్రిల్ తర్వాత దించిన ఫొటోలన్నీ కెమెరా కార్డులతో పోల్చి చూసుకుంటున్నా. మీ కార్డులు అప్పుడే ఫార్మాట్ చేయకండి.